ముందు డయాగ్రం, తర్వాతే ప్రోబు

మా రోజుల్లో కొత్త రకం రేడియో దుకాణానికి వస్తే, దాన్ని వెంటనే విప్పి లోపల చెయ్యిపెట్టే మెకానిక్కుని మెకానిక్కు అనేవాళ్లు కాదు. కొన్ని సెట్లకు వెనక అట్ట లోపలి వైపున సర్క్యూట్ డయాగ్రం అంటించి ఉండేది. లేనివాటికి సర్వీస్ మాన్యువల్ కోసం విజయవాడ బస్సెక్కేవాళ్లం. కూచిపూడి నుంచి పామర్రు మీదుగా వెళ్లి, ఆ కాగితం చూసి చేత్తో గీసుకుని వచ్చేవాళ్లం. గీస్తున్నప్పుడే సగం సెట్టు అర్థమైపోయేది. ఇప్పుడు ఏ బోర్డు డయాగ్రమైనా దొరికితే అరచేతిలో ఫోనులోకి వచ్చేస్తుంది. వచ్చినదాన్ని మాత్రం ఎవరూ చదవరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇప్పటి పిల్లల పద్ధతి నేను రోజూ చూస్తూనే ఉన్నాను. బోర్డు బల్ల మీద పడగానే మల్టీమీటరు బజర్ మోడ్‌లో పెట్టి, కనిపించిన ప్రతి కాలునీ పొడుచుకుంటూ పోతారు. ఎక్కడ కుయ్యిమంటే అక్కడ షార్టు అంటారు. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు మీద కూడా కుయ్యిమంటుంది, అది షార్టు కాదు కదా అంటే మొహం చూస్తారు. చివరికి "బోర్డు పోయింది, కొత్తది వెయ్యాలండీ" అని కస్టమర్‌కి చెబుతారు. అందులో పోయింది ఒక్క చిప్పే అయి ఉంటుంది.

మేము నేర్చుకున్నది వాల్వు సెట్ల మీద. ఈసీహెచ్ 81 స్టేషన్ పట్టి ఫ్రీక్వెన్సీ మారుస్తుంది, ఈబీఎఫ్ 89 ఐఎఫ్‌ని పెంచి అందులోంచి మాట విడదీస్తుంది, తర్వాత ఆడియో వాల్వులు, చివర ఈఎల్ 84 స్పీకర్‌ని మోగిస్తుంది, ఈజెడ్ 80 వీటన్నిటికీ డీసీ ఇస్తుంది. ఏ కంపెనీ సెట్టయినా ఇంచుమించు ఈ వరసే. డయాగ్రం ముందేసుకుని ఒక్కో స్టేజిని విడిగా చూసేవాళ్లం. మా ఊరి యక్షగానంలో ప్రతి పాత్రా ప్రవేశ దరువుతో వచ్చి తానెవరో చెప్పుకుంటుంది. డయాగ్రంలో ప్రతి స్టేజినీ అలాగే అడగాలి: నువ్వెవరు, నీలోకి ఏం వస్తుంది, నీలోంచి ఏం పోతుంది, నీకు కరెంటు ఎవరిస్తారు? ఈ నాలుగింటికీ జవాబు దొరికాకే ఆ స్టేజి దగ్గరికి ప్రోబు వెళ్లేది.

అలా చదివినవాడికి కొన్నిసార్లు ప్రోబుతో పనే ఉండదు. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్. ఐఎఫ్ 455 ఉన్న సెట్టులో ఆ స్టేషన్ రావాలంటే లోపలి ఆసిలేటరు 837కి 455 కలిపి 1292 కిలోహెర్ట్జ్ దగ్గర ఆడుతూ ఉండాలి. మూగపోయిన సెట్టు ముల్లుని విజయవాడ మీద పెట్టి, పక్కనే మంచి రేడియో ఒకటి ఉంచి, దాన్ని 1292 చుట్టుపక్కల మెల్లగా తిప్పేవాళ్లం. ఒక చోట ఆ రేడియోలో గరగర అణిగిపోయి నిశ్శబ్దం వస్తుంది. ఏదైనా స్టేషన్ ఉంటే ఈల వేస్తుంది. పాడైన సెట్టు ముల్లు కదిపితే ఆ చోటు కూడా కదలాలి. కదిలిందంటే ఆసిలేటరు బతికే ఉంది, తప్పు ఆ తర్వాత ఎక్కడో ఉంది. సెట్టుని ముట్టుకోకుండానే సగం సెట్టు అనుమానంలోంచి బయటపడేది. 455 అన్న అంకె డయాగ్రంలో చూడనివాడికి ఇది తట్టదు.

ఆ డయాగ్రాల మీద ఇంకో మర్యాద ఉండేది. ఏ వాల్వు కాలు దగ్గర ఎన్ని వోల్టులు రావాలో రాసేవాళ్లు. ఏ మీటరుతో కొలిస్తే అంత వస్తుందో కూడా చాలావాటిలో రాసేవాళ్లు, వోల్టుకి 20,000 ఓమ్‌ల మీటరు అని. ఎందుకంటే ముల్లు మీటరు తాను కూడా కొంత కరెంటు లాగుతుంది. 10 వోల్టుల రేంజిలో అలాంటి మీటరు 2 లక్షల ఓమ్‌ల రెసిస్టరు పెట్టినట్టే. కొలిచే పనిముట్టే కొలతను మారుస్తుందన్న సంగతి కాగితమే గుర్తుచేసేది. ఇప్పటి డయాగ్రాలలో చాలావాటి మీద వోల్టేజీలే ఉండవు. అందుకే ఇప్పుడు ఆ అంకెలు మనమే లెక్కగట్టి రాసుకోవాలి. పని పెరిగింది. పిల్లలేమో పూర్తిగా మానేశారు.

ఈమధ్య జరిగింది చెబుతాను. ఊళ్లో డాన్సు నేర్పే చోటి నుంచి ఒక పవర్డ్ స్పీకర్ బాక్సు వచ్చింది. ఆంప్లిఫయరు, సప్లై అన్నీ లోపలే ఉండే రకం. ప్లగ్గు పెడితే లోపలి నుంచి టిక్, టిక్ అని సెకనుకొకటి చొప్పున చప్పుడు. ముందున్న పవర్ లైటు అసలు వెలగడం లేదు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు దాన్ని విప్పేశాడు. డయాగ్రం కూడా ఫోనులో సంపాదించాడు. అంతవరకు మెచ్చుకున్నాను. మరుక్షణం ఆసిలోస్కోపు తెచ్చి, దాని నల్ల క్లిప్పుని పెద్ద కెపాసిటర్ మైనస్ కాలికి తగిలించబోయాడు.

"ఒరేయ్, ఆగు. ఆ మైనస్ ఏ గ్రౌండు?" అన్నాను.

"గ్రౌండంటే గ్రౌండే కద తాతగారూ," అన్నాడు.

అక్కడే కూర్చోబెట్టి డయాగ్రం పెద్ద కాగితం మీద ప్రింటు తీయించాను. ఎర్ర పెన్సిలు చేతికిచ్చి, "ట్రాన్స్‌ఫార్మర్‌ని వెతుకు, తర్వాత ఆప్టోకప్లర్, తర్వాత ఆ పక్కన వై కెపాసిటర్. ఈ మూడిటినీ మధ్యకి చీలుస్తూ పైనుంచి కిందికి ఒక గీత గియ్యి," అన్నాను. గీశాడు. ఇంకే తీగా ఆ గీతను దాటడం లేదు. గీతకు ఎడమ పక్కంతా ఇంటి కరెంటుతో నేరుగా ముడిపడ్డ భాగం, హాట్ సైడు. కుడి పక్క మనిషి ముట్టుకునే భాగం, కోల్డ్ సైడు. రెండు పక్కలా గ్రౌండు గుర్తు ఉంది, కానీ ఎడమ గుర్తు వేరు, కుడి గుర్తు వేరు. ఏ ఎస్‌ఎంపీఎస్ డయాగ్రమైనా మొదట గీయాల్సింది ఈ గీతే. మిగతా బ్లాకులు ఆ తర్వాత.

స్కోపు క్లిప్పు పెడితే ఏమయ్యేదో కాగితం మీదే చూపించాను. హాట్ గ్రౌండు అన్నది బ్రిడ్జి రెక్టిఫయర్ మైనస్ కాలు. ఏసీలో ఒక అర సైకిలులో అది బ్రిడ్జిలోని డయోడు ద్వారా ఫేజుకే అతుక్కుని ఉంటుంది. స్కోపు క్లిప్పేమో మూడు పిన్నుల ప్లగ్గు గుండా భూమికి కలిసి ఉంటుంది. క్లిప్పు తగిలిన క్షణం ఫేజుకీ భూమికీ మధ్య ఒక్క డయోడు తప్ప ఏమీ మిగలదు. డయోడు పగులుతుంది, క్లిప్పు కాలుతుంది, స్కోపు కూడా పోవచ్చు. కొందరు సిరీస్ బల్బు ఉంది కదా అని ధీమాగా ఉంటారు. సిరీస్ బల్బు కరెంటును తగ్గిస్తుంది, అంతే. భూమి నుంచి విడదీయదు. విడదీసేది ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. అది లేనప్పుడు హాట్ సైడులో స్కోపు పెట్టకూడదు. బ్యాటరీ మల్టీమీటరు ఒక్కటే, అదీ నల్ల ప్రోబు హాట్ గ్రౌండు మీద ఉంచి.

మా రోజుల్లోనూ ఇలాంటి గండం ఉంది. ఏసీ డీసీ సెట్లలో, యూసీహెచ్ 81, యూవై 85 లాంటి యూ వరస వాల్వులు వేసినవాటిలో, ఛాసిస్ మొత్తం మెయిన్సుకి ఒక తీగతో కలిసి ఉండేది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్‌లో 230 వోల్టులు. డయాగ్రంలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేదని చూసినవాడు టెస్టరు పెట్టి చూశాకే చెయ్యి వేసేవాడు.

తర్వాత ఎడమ భాగాన్ని బ్లాకులుగా చేశాం. ఫ్యూజు, ఫిల్టరు, బ్రిడ్జి, పెద్ద కెపాసిటర్ కలిసి ఒక బ్లాకు. 230ని 1.414తో గుణిస్తే 325 వోల్టుల డీసీ. ఆ అంకె కెపాసిటర్ పక్కన రాయించాను. అది 100 మైక్రోఫారడ్‌లది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు ఆ చార్జి అలాగే నిలుస్తుంది. అందుకే ముట్టుకునే ముందు బల్బు తగిలించి ఖాళీ చేయాలి. స్క్రూడ్రైవరుతో షార్టు చేసి నిప్పురవ్వలు చూసి నవ్వుకునే అలవాటు ఒకటి ఇప్పుడు పిల్లల్లో ఉంది. కెపాసిటర్‌కీ కంటికీ రెండింటికీ ప్రమాదం.

రెండో బ్లాకు కంట్రోలర్, యూసీ 3842, అది నడిపించే మాస్‌ఫెట్. కుర్రాడి ఫోనులోనే ఆ చిప్ డేటాషీటు తెరిపించాను. పాడైన బోర్డు కథంతా అందులో ఉంది. ఈ చిప్‌కి తిండి పిన్ 7. అక్కడ వోల్టేజి 16 దాకా పెరిగితే చిప్ లేస్తుంది, 10కి దిగితే పడుకుంటుంది. ఆ పిన్‌కి మొదటి కరెంటు 325 వోల్టుల లైను నుంచి 270 కిలోఓమ్‌ల రెసిస్టరు ద్వారా వస్తోంది, అంటే సుమారు 1.15 మిల్లీఆంపులు. లేవక ముందు చిప్ అందులో అర మిల్లీఆంపు దాకా తినేస్తుంది, మిగిలిన 0.65 పిన్ 7 దగ్గరున్న 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని నింపుతుంది. లేచాక చిప్‌కి పదిపదిహేను మిల్లీఆంపులు కావాలి. రెసిస్టరు అంత ఇవ్వలేదు. కాబట్టి చిప్ లేచిన వెంటనే ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఆక్జిలరీ వైండింగు దాని పోషణ తీసుకోవాలి. తీసుకోకపోతే పిన్ 7 పదికి పడిపోతుంది, చిప్ ఆగిపోతుంది, రెసిస్టరు మళ్లీ మొదటి నుంచి నింపుతుంది.

"అయితే టిక్ టిక్ అదేనా తాతగారూ?" అన్నాడు.

అదే. ఇప్పుడు లెక్క వేయమన్నాను. 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ 10 నుంచి 16కి, అంటే 6 వోల్టులు పెరగాలి, నింపేది 0.65 మిల్లీఆంపులు.

t = C × ΔV / I = 100 µF × 6 V / 0.65 mA ≈ 0.9 s

సెకనుకొక టిక్కు. చెవికి వినిపిస్తున్నదీ, కాగితం మీద వచ్చినదీ ఒకటే. ఇందులోంచి తేలిందేమిటి? ఫ్యూజు, బ్రిడ్జి, 325 వోల్టులు, స్టార్టింగ్ రెసిస్టరు, పిన్ 7 కెపాసిటర్, చిప్ నిద్ర లేవడం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇలాంటి సప్లైలలో ఆ కెపాసిటర్ ఎండిపోవడం మామూలు, అందుకే కుర్రాడు మొదట దాన్నే మార్చాలన్నాడు. అది ఎండిపోయి 10 మైక్రోఫారడ్‌లకి వచ్చి ఉంటే టిక్కులు సెకనుకి పది పైచిలుకు వచ్చి, చప్పుడు గిరగిరమని వినిపించేది. సెకనుకొకటి వస్తున్నంతసేపు ఆ కెపాసిటర్ మీద అనుమానం లేదు.

ఇక మిగిలినవి రెండు దారులు. ఒకటి, ఆక్జిలరీ వైండింగు నుంచి పిన్ 7కి వచ్చే డయోడు తెగిపోవడం. రెండు, కుడి పక్క 24 వోల్టుల లైనులో ఎక్కడో షార్టు ఉండి ట్రాన్స్‌ఫార్మర్ శక్తినంతా అది మింగేయడం. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీది వైండింగులు కాబట్టి 24 వోల్టులు లేవకపోతే ఆక్జిలరీ వోల్టేజీ కూడా లేవదు. ఈ రెండింటినీ వేరుచేసేది పవర్ లైటు. డయాగ్రంలో ఆ ఎల్ఈడీ 24 వోల్టుల లైను మీదే ఉంది. డయోడు తెగితే, చిప్ లేచిన ప్రతిసారీ పిన్ 7 కెపాసిటర్‌లో ఉన్న చార్జితో కొన్ని పదుల మిల్లీసెకన్లు నడుస్తుంది. ఆ కాస్త వ్యవధిలో 24 వోల్టుల లైను ఎంతో కొంత లేచి, లైటు టిక్కుకొకసారి మినుక్కుమనాలి. ఇక్కడ లైటు చీకటిగానే ఉంది. కాబట్టి తప్పు కుడి పక్క ఉంది. అప్పటికి ప్రోబు ఇంకా డబ్బాలోనే ఉంది.

ప్లగ్గు పీకి, పెద్ద కెపాసిటర్‌ని ఖాళీ చేసి, అప్పుడు మీటరు తీయమన్నాను. కోల్డ్ గ్రౌండుకీ 24 వోల్టుల లైనుకీ మధ్య 0.6 ఓమ్‌లు. రెండు ప్రోబులు ఒకదానికొకటి ముట్టిస్తే మీటరు చూపేదే 0.3, అంటే నిజమైన షార్టే. "రెక్టిఫయర్ డయోడు పోయింది," అన్నాడు వెంటనే. పోయి ఉండొచ్చు. డయోడు షార్టయితే ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు గుండా గ్రౌండుకి దారి దొరికి మీటరు ఇలాగే చూపిస్తుంది. కానీ డయాగ్రంలో సప్లై బ్లాకుకీ ఆంప్లిఫయర్ బ్లాకుకీ మధ్య ఒక కనెక్టరు ఉంది. బ్లాకుల సరిహద్దులో కనెక్టరు ఉన్నప్పుడు టంకం కరిగించక్కర్లేదు, కనెక్టరు పీకితే చాలు. పీకాడు. సప్లై వైపు అంకె మెల్లగా పైకి పోయింది, కెపాసిటర్ నిండుతున్నట్టు. ఆంప్లిఫయర్ వైపు అదే 0.6. కొత్త పవర్ సప్లై బోర్డుకి ఆర్డరు పెట్టేవాడు ఆ డబ్బు వృథా చేసుకుని, కొత్త బోర్డు కూడా టిక్ టిక్ అంటుంటే తల పట్టుకునేవాడు.

ఆంప్లిఫయర్ బోర్డులో రెండు క్లాస్ డి చిప్‌లు, ఒకటి వూఫర్‌కి, ఒకటి ట్వీటర్‌కి. 24 వోల్టులు ఒక్కోదానికి ఒక చిన్న కాయిల్ గుండా పోతున్నాయి. వూఫర్ వైపు కాయిల్ ఒక కాలు లేపగానే షార్టు ఆ చిప్ పక్కనే మిగిలింది. చిప్ తీసి చూస్తే కింద హీట్‌సింకు స్క్రూ వదులై ఉంది, మధ్యలో పేస్టు ఎండి పొడైపోయింది. చిప్ ఎందుకు కాలిందో అదే చెప్పింది. స్క్రూ బిగించకుండా కొత్త చిప్ వేస్తే అదీ కాలుతుంది.

చిప్ వేసే ముందు సప్లైని ఒక్కదాన్నే సిరీస్ బల్బు మీద నడిపించాం. ఏ కాలి దగ్గర ఎంత రావాలో కుర్రాడు ముందే రాసుకున్నాడు. నల్ల ప్రోబు కోల్డ్ గ్రౌండు మీద పెట్టి 24, హాట్ గ్రౌండుకి మార్చి పిన్ 7 దగ్గర 14 ప్రాంతం, పిన్ 8 దగ్గర 5. అన్నీ వచ్చాయి. వూఫర్ కాయిల్ కూడా కొలిచాం, 8 ఓమ్‌ల స్పీకర్‌కి డీసీలో ఆరు పైచిలుకు రావాలి, వచ్చింది. కొత్త చిప్ వేసి మళ్లీ సిరీస్ బల్బు మీదే మొదటిసారి ఆన్ చేశాం. ఆ సాయంత్రం నట్టువాంగం ఆ పెట్టెలోంచే వినిపించింది.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఫోనులో దొరికిన డయాగ్రం బల్ల మీదున్న బోర్డుదే అని గుడ్డిగా నమ్మకూడదు. తయారీదారులు ఏడాదికోసారి మార్పులు చేస్తారు. డయాగ్రంలో 3842 అని ఉండి బోర్డు మీద 3843 ఉండొచ్చు. కాళ్లన్నీ ఒకటే, కానీ 3843 లేచేది 8.4 దగ్గర, పడుకునేది 7.6 దగ్గర. పిన్ 7 దగ్గర 9 వోల్టులు చూసి 3842 అయితే చిప్ నిద్రలో ఉన్నట్టు, 3843 అయితే మేలుకుని ఉన్నట్టు. అందుకే చిప్ మీది అక్షరాలు భూతద్దంతో చదివి, డయాగ్రంలోని నాలుగైదు ముఖ్యమైన రెసిస్టర్ల విలువలు బోర్డుతో పోల్చి, తేడా ఉంటే కాగితం మీదే దిద్దుకోవాలి. మోడల్ డయాగ్రమే దొరకకపోతే కంట్రోలర్ డేటాషీటులో ఇచ్చిన నమూనా సర్క్యూట్ తీసుకున్నా చాలావరకు పని జరుగుతుంది. ఎందుకంటే సప్లై గీసినవాళ్లలో ఎక్కువమంది దాన్నే చూసి గీస్తారు.

ఇదంతా కాలం మారింది కాబట్టి వచ్చిన ఇబ్బంది అంటే ఒప్పుకోను. మాకు మాన్యువల్ కోసం పోను ఒక పూట, రాను ఒక పూట పట్టేది. వీళ్లకి డేటాషీటు రెండు నిమిషాల్లో వస్తుంది, లెక్కలు చేసే యంత్రం జేబులో ఉంది. వీళ్లు మాకంటే రెండింతలు బాగా పని చేయాలి. చదవడం లేదు, అంతే తేడా.

తయారు చేసేవాళ్లకి కూడా ఒక మాట. మా వాల్వు సెట్టులో అట్ట మీద అంటించిన డయాగ్రాన్ని ఇప్పుడు బోర్డుతోపాటు ఒక కాగితంగా ఇవ్వడానికి ఖర్చేమీ కాదు. హాట్ సైడు గీత, నాలుగు చోట్ల రావాల్సిన వోల్టేజీలు, చిప్‌ల పేర్లు ఉంటే చాలు, ఊళ్లో మెకానిక్కు ఆ పెట్టెను బాగుచేస్తాడు. అవి దాచిపెట్టడం వల్లే ఒక్క చిప్ పోయిన బోర్డులు చెత్తబుట్టల్లోకి పోతున్నాయి. నా దగ్గర నేర్చుకునే పిల్లలకి నేను పెట్టిన నియమం ఒకటుంది: కాగితం మీద గీత గీసి, ప్రతి బ్లాకు దగ్గరా రావాల్సిన అంకె రాసి నాకు చూపిస్తేనే మీటరు ఇస్తాను. మీ దుకాణంలోనూ ఆ నియమం పెట్టండి.